పసిఫిక్ దాటే ఓడలో గడియారం ఎలా మారుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్గో ఓడల్లో సెకండ్ మేట్‌గా కొన్నేళ్లు పనిచేశాను. చార్టులు, రూట్ ప్లాన్, మధ్యాహ్నం పంపే రిపోర్ట్ అన్నీ సెకండ్ మేట్ చూసుకోవాలి కాబట్టి గడియారం ఎప్పుడు మార్చాలో లెక్క వేసి కెప్టెన్ ముందు పెట్టే పని కూడా నాదే. ఊరికి వస్తే చుట్టాలు అడిగేవి, ఓడలో కొత్త కేడెట్లు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. వాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అన్ని ప్రశ్నలకూ ఒకటే ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. జపాన్‌లోని యొకొహామా నుంచి అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌కు ఒక కంటెయినర్ ఓడ వెళ్తోంది. దూరం సుమారు 4,850 నాటికల్ మైళ్లు, వేగం 18 నాట్స్, అంటే గంటకు 18 నాటికల్ మైళ్లు, కాబట్టి దాదాపు 269 గంటల ప్రయాణం. జనవరి 10 సాయంత్రం 6 గంటలకు యొకొహామా వదిలింది అనుకుందాం.

అసలు ఓడలో టైమ్ మార్చడం ఎందుకు? చేరాక ఒకేసారి మార్చుకోవచ్చు కదా?

విమానంలో అయితే అలాగే చేస్తాం. పది గంటల్లో దిగిపోతాం కాబట్టి సరిపోతుంది. ఓడలో పదకొండు రోజులు అక్కడే తినాలి, పడుకోవాలి, పనిచేయాలి.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు. మన ఓడ తూర్పుగా మొత్తం 102 డిగ్రీలు దాటుతుంది. రోజుకు సగటున 9 డిగ్రీలు. అంటే రోజూ సూర్యుడు నిన్నటికంటే 36 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. యొకొహామా టైమ్‌నే పట్టుకుని కూర్చుంటే నాలుగైదు రోజులయ్యేసరికి తెల్లవారుజామున 4 గంటలకే సూర్యోదయం, మధ్యాహ్నం రెండు దాటగానే సాయంత్రం. డెక్ మీద తుప్పు గీకి రంగులు వేసే పని పగటి వెలుతురులోనే జరగాలి. ఉదయం 8కి పని మొదలుపెట్టే మనుషులకు అప్పటికే సగం పగలు పోయి ఉంటుంది. అందుకే వెలుతురును, గడియారాన్ని ఒక దగ్గరకు తెస్తూ పోతాం.

సముద్రం మీద టైమ్ జోన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయి?

నేల మీద దేశాల సరిహద్దుల్ని బట్టి టైమ్ వంకరటింకరగా ఉంటుంది. సముద్రం మీద ఆ గొడవ లేదు. ఒక్కో జోన్ 15 డిగ్రీల వెడల్పు, నిటారుగా గీసిన గీతలు. గ్రీనిచ్ రేఖకు ఇటు ఏడున్నర, అటు ఏడున్నర డిగ్రీలు సున్నా జోన్. అక్కడి నుంచి తూర్పుకు 12, పడమరకు 12. పన్నెండో జోన్‌ను మాత్రం 180 డిగ్రీల రేఖ మధ్యలో చీలుస్తుంది. రెండు సగాల్లోనూ గడియారం ఒకటే, తారీఖు వేరు.

మీరున్న జోన్ కనుక్కోవాలంటే రేఖాంశాన్ని 15తో భాగించి దగ్గరి పూర్ణాంకం తీసుకోండి. 160 డిగ్రీల తూర్పులో ఉంటే 160 ÷ 15 = 10.67, అంటే పదకొండో జోన్.

మన తీరంలో ఇందుకో తమాషా ఉదాహరణ ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుందని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. నౌకా జోన్లలో అయిదో జోన్ ముగిసి ఆరో జోన్ మొదలయ్యే గీత కూడా సరిగ్గా అదే. ఆ లెక్కన కాకినాడ అయిదో జోన్‌లో, విశాఖపట్నం ఆరో జోన్‌లో పడతాయి. ఈ రెండు రేవుల మధ్య తిరిగే ఓడ ఏదీ దీన్ని పట్టించుకోదు. తీరం దగ్గర ఆ దేశపు టైమ్‌నే వాడతారు.

ప్లస్, మైనస్ గుర్తుల గురించి అందరూ ఎందుకు హెచ్చరిస్తారు?

ఎందుకంటే నేవిగేషన్ పుస్తకాల్లో గుర్తు తిరగబడి ఉంటుంది. ఫోన్‌లో జపాన్ టైమ్ +9 అని కనిపిస్తుంది. పాత పద్ధతిలో చదువుకున్న మేట్ అదే జోన్‌ను −9 అంటాడు. ఆయన ఉద్దేశం "ఓడ టైమ్‌కు ఏం కలిపితే గ్రీనిచ్ టైమ్ వస్తుంది" అని. తూర్పున మనం ముందున్నాం కాబట్టి తీసేయాలి, అందుకే మైనస్.

పైన చెప్పిన 160 డిగ్రీల తూర్పులో ఓడ టైమ్ ఉదయం 8 అనుకోండి. 11 గంటలు తీసేస్తే గ్రీనిచ్‌లో ముందు రోజు రాత్రి 9. గుర్తు తప్పు పట్టుకున్న కేడెట్ 11 కలిపి అదే రోజు రాత్రి 7 అంటాడు. తేడా 22 గంటలు. జవాబు చూడగానే అనుమానం రావాలంటే ఒకటే సూత్రం గుర్తుంచుకోండి: తూర్పున ఉన్నవాడికి ఎప్పుడూ ముందే తెల్లవారుతుంది.

ఈ వ్యాసంలో తికమక లేకుండా ఫోన్ గుర్తులే వాడతాను. తూర్పు ప్లస్, పడమర మైనస్.

జోన్లు రాకముందు ఏం చేసేవారు?

రోజూ మధ్యాహ్నం సూర్యుడు అత్యంత ఎత్తుకు వచ్చే క్షణానికి 12 పెట్టేవారు. దాంతో ప్రతి ఓడకూ తన సొంత టైమ్ ఉండేది. పక్కపక్కనే పోయే రెండు ఓడల గడియారాల్లో పది నిమిషాల తేడా ఉన్నా వింత కాదు.

దీనివల్ల ఏమవుతుందో టైటానిక్ విషయంలో లోకమంతా చూసింది. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఆ ఓడ గడియారాన్ని 47 నిమిషాలు వెనక్కి పెట్టాల్సి ఉంది. ఈలోగా మంచుకొండ తగిలింది. తర్వాత అమెరికాలో, బ్రిటన్‌లో రెండు విచారణలు జరిగాయి. ఓడ టైమ్‌కు, న్యూయార్క్ టైమ్‌కు మధ్య తేడా గంటా 33 నిమిషాలని అమెరికా విచారణ, గంటా 50 నిమిషాలని బ్రిటిష్ విచారణ లెక్క కట్టాయి. ఒకే ఓడ, ఒకే రాత్రి, 17 నిమిషాల అంతరం. వైర్‌లెస్‌లో వచ్చిన సందేశాల టైమ్‌ను ఓడలో జరిగిన వాటితో జతపరచాలని ఈరోజుకీ కొందరు కుస్తీ పడుతున్నారు.

తర్వాత 1917 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్ ప్రతినిధులు సమావేశమై ఇప్పుడున్న 15 డిగ్రీల జోన్లను సిఫారసు చేశారు. అమెరికా నౌకాదళం 1920లో అందులోకి వచ్చింది. వాణిజ్య ఓడలు మెల్లమెల్లగా అలవాటు పడ్డాయి.

అయితే జోన్ గీత దాటిన నిమిషంలోనే గడియారం మారుస్తారా?

లేదు. గీతలు చార్టు మీద ఉంటాయి, నిర్ణయం కెప్టెన్‌ది. గీత పగలు పదకొండింటికి రావచ్చు, అర్ధరాత్రి రావచ్చు. ఎప్పుడు వస్తే అప్పుడు మారిస్తే వంటవాడి దగ్గర్నుంచి ఇంజిన్ రూమ్ దాకా అందరి పనీ చెదిరిపోతుంది. అందుకని గీతకు కాస్త ముందో వెనకో, అందరికీ వీలైన రాత్రి చూసి మారుస్తారు.

మన ప్రయాణమే చూడండి. జపాన్ +9, జనవరిలో లాస్ ఏంజెలిస్ −8. మధ్యలో తారీఖు మారే 180 డిగ్రీల దినరేఖ ఉంది కాబట్టి +9 నుంచి +12 దాకా మూడు గంటలు, రేఖ దాటాక −12 నుంచి −8 దాకా నాలుగు గంటలు. మొత్తం ఏడుసార్లు గంట చొప్పున ముందుకు జరపాలి.

మొదటి గీత 142.5 డిగ్రీల తూర్పు. యొకొహామాకు అది ఎంత దగ్గరంటే బయల్దేరిన ఎనిమిది గంటల్లో వచ్చేస్తుంది. రూల్ ప్రకారం మొదటి రాత్రే గడియారం మార్చాలి. కానీ రేవులో రెండు రోజులు సరిగ్గా నిద్రలేక అలసిపోయిన మనుషులకు ఆ రాత్రి ఇంకో గంట కోత పెట్టే కెప్టెన్‌ను నేను చూడలేదు. నేనైతే ఇలా రాసి ఇస్తాను: 11, 12, 14 తేదీల రాత్రుళ్లు ఒక్కో గంట, దినరేఖ దాటాక 15, 16, 18, 19 రాత్రుళ్లు ఒక్కో గంట. 20వ తేదీ రాత్రి ఖాళీ. మర్నాడు తెల్లవారుజామున ఓడను రేవులోకి నడిపించే పైలట్ ఎక్కుతాడు. ఆ ముందు రాత్రి ఎవరి నిద్రా ముట్టుకోకూడదు.

రెండు మార్పుల మధ్య ఎన్ని గంటలుంటాయనేది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర 15 డిగ్రీలంటే 900 మైళ్లు, 18 నాట్స్‌తో 50 గంటలు పడుతుంది. ఉత్తరంగా 45 డిగ్రీల దగ్గర అదే 15 డిగ్రీలు దాదాపు 636 మైళ్లే, 35 గంటల్లో అయిపోతుంది. ఉత్తర పసిఫిక్‌లో దగ్గరి దారి పైకి వంగి పోతుంది కాబట్టి గంటలు వెంటవెంటనే ఊడిపోతుంటాయి.

పోయే ఆ గంట ఎవరి వాచ్‌లోంచి, అంటే ఎవరి డ్యూటీలోంచి పోతుంది?

ఓడలో అసలు రాజకీయం ఇక్కడే ఉంది.

మామూలు కార్గో ఓడలో, ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీద ముగ్గురు ఆఫీసర్లు నాలుగేసి గంటల చొప్పున పగలొకసారి, రాత్రొకసారి నిలబడతారు. 8 నుంచి 12 థర్డ్ మేట్, 12 నుంచి 4 సెకండ్ మేట్, 4 నుంచి 8 చీఫ్ మేట్. ఇప్పుడు రాత్రి 2 గంటలకు గడియారాన్ని ఒక్కసారిగా 3కి జరిపారనుకోండి. సెకండ్ మేట్ మూడు గంటలే నిలబడి దిగిపోతాడు. అతనికి విశ్రాంతిలో ఒక్క నిమిషం కూడా పోలేదు. మిగతా ఇద్దరికీ వాచ్ పూర్తిగా నాలుగు గంటలే, నిద్రలోంచి మాత్రం గంట పోయింది.

పడమరకు పోయేటప్పుడు అంతా తలకిందులు. 3 గంటలను మళ్లీ 2 చేస్తే సెకండ్ మేట్ అయిదు గంటలు నిలబడాలి. మిగతావాళ్లు గంట ఎక్కువ పడుకుంటారు. పొద్దున్న టిఫిన్ దగ్గర వాళ్ల ముఖాలు చూస్తే ఒళ్లు మండేది.

అందుకే చాలా ఓడల్లో ఆ గంటను మూడు ముక్కలు చేస్తారు. రాత్రి 8-12 వాచ్‌లో 20 నిమిషాలు, 12-4లో 20, 4-8లో 20. ముందుకు జరిపే రాత్రి ముగ్గురూ తలా 3 గంటల 40 నిమిషాలు నిలబడతారు. ప్రతి ఒక్కరికీ పనిలో 20 నిమిషాలు, విశ్రాంతిలో 40 నిమిషాలు పోతాయి. చీఫ్ మేట్‌కు ఆ 40 నిమిషాలూ ఒకే నిద్రలోంచి పోతాయి. సెకండ్ మేట్‌కు వాచ్‌కు ముందు 20, తర్వాత 20. పూర్తి న్యాయం కాదు కానీ కొట్లాట లేకుండా గడిచిపోతుంది.

కొందరు కెప్టెన్లు పగలే మారుస్తారు. మధ్యాహ్నం రెండింటిని మూడు చేస్తే నిద్ర జోలికి పోకుండా పని గంట తగ్గుతుంది. డెక్ మీద వాళ్లకు ఆ కెప్టెన్ దేవుడు. చీఫ్ ఇంజినీర్‌కు మాత్రం నచ్చదు, ఆయన మరమ్మతుల పట్టికలో గంట గల్లంతవుతుంది.

విశ్రాంతి గంటల చట్టం దీనికి అడ్డు రాదా?

వస్తుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ 7 రోజుల్లోనైనా 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. ఇక్కడ "24 గంటలు" అంటే నిజంగా గడిచిన గంటలు, గోడ గడియారం చూపించేవి కాదు. తూర్పుకు పోయే రాత్రి గడియారం ప్రకారం 10 నుంచి 5 దాకా ఏడు గంటలు పడుకున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆరే. 23 గంటల రోజును ఫారంలో 24 గడులతో నింపేస్తే పోర్టులో తనిఖీకి వచ్చినవాడు లాగ్‌బుక్ పక్కన పెట్టి చూడగానే దొరికిపోతాం.

అందరికంటే ఎక్కువ దెబ్బ చీఫ్ కుక్‌కు. ఉదయం 5కి లేచి గ్యాలీలోకి వెళ్లాలి. పది రాత్రుల్లో ఏడు గంటల నిద్ర పోతే ఆ మనిషి కళ్లు చూస్తేనే తెలిసిపోయేది.

ఓడలోని ఇన్ని గడియారాలను ఎవరు తిప్పుతారు?

బ్రిడ్జి మీద ఒక మాస్టర్ క్లాక్ ఉంటుంది. మెస్, ఇంజిన్ కంట్రోల్ రూమ్, వసారాల్లోని గోడ గడియారాలు దాని మాట వింటాయి. ప్యానెల్ మీద ఎంత జరపాలో నొక్కితే అన్నిచోట్లా ముళ్లు కదులుతాయి. పాత ఓడల్లో ముళ్లు ముందుకు మాత్రమే తిరిగే రకం కూడా ఉండేది. అలాంటిచోట గంట వెనక్కి పెట్టాలంటే గడియారాలన్నీ గంటసేపు ఆపాలి, లేకపోతే 11 గంటలు ముందుకు పరిగెత్తించాలి.

ఏదో ఒక మూల గడియారం మొండికేయడం మామూలే. అందుకని మార్చాక ఇంజిన్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి "మీ దగ్గర టైమ్ ఎంత?" అని అడుగుతాం. రేవులోకి వెళ్లేముందు, బయల్దేరేముందు బ్రిడ్జి, ఇంజిన్ గడియారాలు సరిచూసుకోవడం చెక్‌లిస్టులోనే ఉంటుంది. ఇంజిన్‌కు ఆర్డర్ ఎప్పుడిచ్చారు, ఎప్పుడు అందింది అన్న రెండు రికార్డులు ప్రమాదం జరిగిన రోజున నిమిషాల్లో సరిపోవాలి.

సాయంత్రం భోజనానికి ముందే మెస్ బోర్డు మీద "ఈ రాత్రి గంట ముందుకు" అని రాసిపెడతాం. కెప్టెన్ ఎంత బాగా నిర్ణయించినా ఆ బోర్డు రాయడం మరిచిపోతే ఉదయం గొడవే.

ఏ గడియారాలను ఎప్పుడూ ముట్టుకోరు?

క్రోనోమీటర్ అనే కచ్చితమైన నౌకా గడియారాన్ని. అది ఎప్పుడూ గ్రీనిచ్ టైమే. జీపీఎస్, ఓడ చుట్టుపక్కల వారికి తన స్థానం చెప్పే ఏఐఎస్, విమానంలో బ్లాక్ బాక్స్ లాంటి వాయేజ్ డేటా రికార్డర్, అన్నీ యూటీసీ మీదే, అంటే ఇప్పటి గ్రీనిచ్ టైమ్ మీదే నడుస్తాయి. రేడియో లాగ్ కూడా యూటీసీలోనే రాయాలి. డెక్ లాగ్‌బుక్ మాత్రం ఓడ టైమ్‌లో ఉంటుంది, అందుకే గడియారం మార్చిన ప్రతిసారీ ఎప్పుడు ఎంత మార్చామో అందులో రాయాలి. ఆ ఒక్క లైన్ లేకపోతే ఆ రోజు రాసిన మిగతావన్నీ ఎప్పటివో చెప్పలేం.

దినరేఖ దగ్గర నిజంగా ఒక రోజు రెండుసార్లు వస్తుందా?

తూర్పుకు పోతే వస్తుంది, పడమరకు పోతే ఒక రోజు మాయమవుతుంది. మన ఓడ 180 డిగ్రీల రేఖను 15వ తేదీ ఉదయం దాటుతుంది. దాటగానే మారిస్తే సగం రోజు ఒక తారీఖు, సగం రోజు ఇంకో తారీఖు అయి లాగ్‌బుక్ పాడవుతుంది. అందుకని ఆ రోజంతా 15గానే ఉంచి, అర్ధరాత్రి దాటాక మళ్లీ 15 అని మొదలుపెడతాం. లాగ్‌లో మొదటి 15, రెండో 15 అని విడిగా రాస్తాం. గడియారం ముల్లు కదలదు, క్యాలెండర్ కాగితం ఒక్కటే చిరగదు.

సంక్రాంతి 15న పడిన ఏడాది అయితే మనవాళ్లకు రెండు సంక్రాంతులు. ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లున్న ఓడలో కుక్‌ను బతిమాలి రెండో రోజు కూడా పాయసం చేయించుకోవచ్చు. మొదటి 15 రాత్రి 8కి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ 15 మధ్యాహ్నం ఒంటిగంటన్నర. రెండో 15 రాత్రి 8కి చేస్తే అక్కడ 16 మధ్యాహ్నం ఒంటిగంటన్నర, కనుమ భోజనాల వేళ. "అమ్మా, ఇక్కడ ఇవాళే పండగ" అంటే నమ్మదు.

జీతం రెండు రోజులకు వస్తుందా అని ప్రతి కొత్త కేడెట్ అడుగుతాడు. జీతం నెల లెక్క. అడగడం మానేయండి.

23 గంటల రోజు వల్ల లెక్కల్లో ఏం తప్పు జరుగుతుంది?

నేనే చేసిన తప్పు చెప్తాను. ప్రతి మధ్యాహ్నం 12కి కంపెనీకి నూన్ రిపోర్ట్ పంపాలి. నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ మధ్యాహ్నం దాకా ఎంత దూరం వచ్చాం, సగటు వేగం ఎంత, ఎంత ఆయిల్ కాలింది అన్నవి అందులో ఉంటాయి. గంట ముందుకు జరిపిన రాత్రి తర్వాత వచ్చే మధ్యాహ్నానికి గడిచింది 23 గంటలే. 414 మైళ్లు వచ్చాం. 414 ÷ 23 = 18 నాట్స్. నేను అలవాటుగా 24తో భాగించి 17.25 అని పంపాను.

ఓడను అద్దెకు తీసుకున్నవాళ్లకు ఒప్పందంలో ఫలానా వేగం ఇస్తామని రాసి ఉంటుంది. వాతావరణం బాగున్న రోజున ముప్పావు నాట్ తగ్గిందంటే వాళ్లు డబ్బు కోసే దాకా వెళ్తుంది. గంటలో ఆఫీసు నుంచి మెయిల్, వెనకాలే కెప్టెన్ పిలుపు.

తప్పు ఎక్కడుందో చీఫ్ ఇంజినీర్ కనిపెట్టాడు. ఇంజిన్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించే కౌంటర్ ఒకటి ఉంటుంది. మొత్తం తిరుగుళ్లను నేను 24 గంటలకు పంచడం వల్ల నిమిషానికి సగటు 76.7 వచ్చింది. ఇంజిన్ రూమ్ లాగ్‌లో ప్రతి వాచ్‌లోనూ 80 అని ఉంది. ఇంజిన్ వేగం తగ్గకుండా సగటు తగ్గిందంటే తగ్గాల్సింది గంటలే. అప్పటి నుంచి వేగం లెక్క వేసేముందు రెండు మధ్యాహ్నాల యూటీసీ టైమ్‌లు పక్కపక్కన రాసుకుని తీసివేసేవాణ్ణి. అది ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

పడమరకు పోయేటప్పుడు ఇదే తప్పు తియ్యగా ఉంటుంది. 25 గంటల్లో 450 మైళ్లు వచ్చి 24తో భాగిస్తే 18.75 నాట్స్ కనిపిస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు కాబట్టి ఆ తప్పు చాలా రోజులు బయటపడదు.

ఫోన్ దానంతటదే మారదా?

నడిసముద్రంలో మొబైల్ టవర్లుండవు. ఫోన్ చివరి రేవు టైమ్ దగ్గరే ఆగిపోతుంది, లేదా ఓడ వైఫైకి తగిలి ఎక్కడో ఒడ్డున ఉన్న ఊరి టైమ్ చూపిస్తుంది. వాచ్‌కు ఆలస్యంగా వచ్చిన కేడెట్ చెప్పే మొదటి కారణం ఫోన్ అలారమే. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి చేత్తో పెట్టుకోవాలి. లేదా వెనకటివాళ్లలా ఒక చవక అలారం గడియారం కొనుక్కోవాలి.

మన దేశం నుంచి బయల్దేరితే ఆ అరగంటను ఏం చేస్తారు?

విశాఖ నుంచి సింగపూర్‌కు పోతే +5:30 నుంచి +8కి, అంటే రెండున్నర గంటలు. ఒక రాత్రి అరగంట, రెండు రాత్రుళ్లు గంట చొప్పున జరిపితే సరిపోతుంది. సింగపూర్ 104 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి నౌకా జోన్ ప్రకారం +7 ఉండాలి, వాళ్లు పెట్టుకున్నది +8. చేరే రేవు టైమ్‌కే మనం సర్దుకోవాలి కాబట్టి ఇంత చిన్న ప్రయాణంలో జోన్ గీతలు ఎవరూ చూడరు.

చివరికి ఈ గంటలూ రోజులూ లెక్క సరిపోతుందా?

సరిపోవాలి. సరిపోకపోతే చేరే టైమ్ తప్పుతుంది. మన ఓడ యొకొహామా వదిలినప్పుడు యూటీసీ 10వ తేదీ ఉదయం 9. దానికి 269 గంటలు, అంటే 11 రోజుల 5 గంటలు కలిపితే యూటీసీ 21 మధ్యాహ్నం 2. లాస్ ఏంజెలిస్‌లో 21 ఉదయం 6.

ఇప్పుడు ఓడ క్యాలెండర్‌తో చూడండి. 10 సాయంత్రం 6 నుంచి 21 ఉదయం 6 దాకా పదిన్నర రోజులు. రెండుసార్లు వచ్చిన 15 కోసం ఒక రోజు కలిపితే పదకొండున్నర. ముందుకు జరిపిన 7 గంటలు తీసేస్తే 11 రోజుల 5 గంటలు.

పైలట్‌ను బుక్ చేసే మెయిల్ పంపేముందు ఈ రెండు దారుల్లోనూ లెక్క వేసి చూసేవాణ్ణి. రెండో 15ను మరిచిపోయినవాడు 22 అని రాస్తాడు. అప్పుడు ఓడ 21 తెల్లవారుజామున రేవు బయటికి చేరి పిలుస్తుంది, పైలట్ మాత్రం మర్నాటికి బుక్ అయి ఉంటాడు.